గీత చుక్కగా మారితే

జూన్‌లో బడి తెరిచిన వారం రోజుల్లో ప్రతి హైస్కూల్లోనూ ఒక టీచరు మెడకు టైమ్ టేబుల్ చుట్టుకుంటుంది. చార్టు మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, నింపి, చెరిపి, మళ్లీ నింపి, చివరికి రెండు గళ్లు మిగిలాయనగా పని ఆగిపోతుంది. లెక్కల మాష్టారు ఖాళీగా ఉన్న పీరియడ్‌లో పదో తరగతికి ఇంకెవరో పాఠం చెబుతుంటారు. పదో తరగతి ఖాళీగా ఉన్నప్పుడు ఆయన తొమ్మిదో తరగతిలో ఉంటారు. ఈ చిక్కు వెనక గ్రాఫ్ సిద్ధాంతంలో నూరేళ్లు దాటిన ఒక కథ ఉంది. గీతలకు రంగులు వేయడం, చుక్కలకు రంగులు వేయడం అనే రెండు లెక్కల మధ్య సంబంధం ఆ కథకు కేంద్రం.

ఇక్కడ గ్రాఫ్ అంటే ధరల హెచ్చుతగ్గులు చూపే పటం కాదు. కొన్ని చుక్కలు, వాటిలో కొన్ని జతలను కలిపే గీతలు, అంతే. పాఠ్యపుస్తకాలు చుక్కను శీర్షం అనీ గీతను అంచు అనీ అంటాయి. మనం చుక్క, గీత అనుకుందాం.

ఒక చిన్న బడి తీసుకుందాం. తెలుగు, లెక్కలు, సైన్సు చెప్పే ముగ్గురు టీచర్లు ఉన్నారు. ఎనిమిది, తొమ్మిది, పది మూడు తరగతులు. ప్రతి టీచరూ ప్రతి తరగతికీ రోజుకొక పాఠం చెప్పాలి. ఎడమవైపు టీచర్లకు మూడు చుక్కలు, కుడివైపు తరగతులకు మూడు చుక్కలు పెట్టి, ఒక్కో పాఠానికి ఒక్కో గీత గీస్తే తొమ్మిది గీతలొస్తాయి. ఒక్కో పీరియడ్‌ను ఒక్కో రంగు అనుకోండి. ఒకే చుక్క దగ్గర కలిసే రెండు గీతలకు ఒకే రంగు పడకూడదు. ఎందుకంటే ఒక టీచరు ఒకే పీరియడ్‌లో రెండు గదుల్లో ఉండలేరు, ఒక తరగతి ఒకేసారి రెండు పాఠాలు వినలేదు. దీన్నే ఎడ్జ్ కలరింగ్ అంటారు. ఎన్ని రంగులు కావాలన్నదే ప్రశ్న.

ఇప్పుడు బొమ్మను మార్చి గీద్దాం. టీచర్లనూ తరగతులనూ పక్కన పెట్టి, ఒక్కో పాఠానికే ఒక చుక్క పెడదాం. తొమ్మిది పాఠాలకు తొమ్మిది చుక్కలు. రెండు పాఠాలకు టీచరు గానీ తరగతి గానీ ఒకటే అయితే ఆ రెండు చుక్కల మధ్య గీత గీద్దాం. ‘తెలుగు-ఎనిమిది’కి ‘తెలుగు-తొమ్మిది’తో గీత ఉంటుంది, టీచరు ఒకరే కాబట్టి. ‘లెక్కలు-ఎనిమిది’తోనూ ఉంటుంది, తరగతి ఒకటే కాబట్టి. ‘లెక్కలు-తొమ్మిది’తో ఉండదు. పాత బొమ్మలోని గీతలే చుక్కలైన ఈ కొత్త బొమ్మను పాత గ్రాఫ్‌కు లైన్ గ్రాఫ్ అంటారు. మన బడి లైన్ గ్రాఫ్‌లో తొమ్మిది చుక్కలు, పద్దెనిమిది గీతలు ఉంటాయి. ప్రతి పాఠానికీ నాలుగు పాఠాలతో తగువు.

పాత బొమ్మలో ఒక చుక్క దగ్గర కలిసే గీతలకు వేర్వేరు రంగులు వేయాలన్న షరతు, కొత్త బొమ్మలో గీతతో కలిసిన చుక్కలకు వేర్వేరు రంగులు వేయాలన్న షరతు అయిపోయింది. రెండూ ఒకటే. మొదటిదానికి సరిపడే ప్రతి రంగుల కూర్పూ రెండోదానికి సరిపోతుంది. ఎడ్జ్ కలరింగ్ వెర్టెక్స్ కలరింగ్‌గా మారడమంటే ఇంతే. నిర్వచనం తెలిస్తే రుజువు కూడా అక్కర్లేదు. అసలు విషయం ఆ తర్వాత ఉంది.

ఈ ఆలోచన 1932లో అమెరికన్ గణితవేత్త హాస్లర్ విట్నీ రాసిన వ్యాసంలోనే ఉంది. లైన్ గ్రాఫ్ అన్న పేరు 1960లో హరారీ, నార్మన్ ద్వారా వాడుకలోకి వచ్చింది. విట్నీ అడిగిన ప్రశ్న చక్కనిది: లైన్ గ్రాఫ్ మాత్రమే చేతికిస్తే అసలు గ్రాఫ్‌ను తిరిగి గీయగలమా? గ్రాఫ్ విడిపోకుండా ఒకే ముక్కగా ఉంటే గీయగలమనే ఆయన రుజువు చేశాడు, ఒకే ఒక్క మినహాయింపుతో. మూడు జట్లు ఒకదానితో ఒకటి ఆడే మూడు మ్యాచ్‌లు తీసుకోండి. ఏ రెండు మ్యాచ్‌లకైనా ఒక జట్టు ఉమ్మడి. ఒకే టీచరు మూడు తరగతులకు చెప్పే మూడు పాఠాలు తీసుకోండి. ఏ రెండు పాఠాలకైనా టీచరు ఉమ్మడి. రెండింటి లైన్ గ్రాఫూ త్రిభుజమే. ఆ త్రిభుజం ఎక్కణ్నుంచి వచ్చిందో దాన్ని చూసి చెప్పలేం. ఈ జత తప్ప ఇంకెక్కడా తికమక లేదు. అంటే బొమ్మ మార్చినా అందులోని సమాచారం పోలేదన్నమాట.

ఇక టైమ్ టేబుల్ నింపుదాం. ప్రతి టీచరుకీ మూడు పాఠాలున్నాయి కాబట్టి మూడు పీరియడ్లకు తక్కువైతే కుదరదు. మూడు చాలా? పెన్సిల్‌తో తోచినట్టు నింపుకుంటూ పోయామనుకోండి. తెలుగు మాష్టారికి ఎనిమిదో తరగతి మొదటి పీరియడ్‌లో, తొమ్మిది రెండో పీరియడ్‌లో పడ్డాయి. లెక్కల మాష్టారికి ఎనిమిది రెండో పీరియడ్‌లో, తొమ్మిది మొదటిదాంట్లో, పది మూడోదాంట్లో పడ్డాయి. సైన్సు టీచరుకు తొమ్మిది మూడోదాంట్లో, పది రెండోదాంట్లో పడ్డాయి. ఇంతవరకూ ఎక్కడా తగువు లేదు. మిగిలినవి రెండే, ‘తెలుగు-పది’, ‘సైన్సు-ఎనిమిది’. కానీ తెలుగు మాష్టారికి మూడో పీరియడే ఖాళీ, అప్పుడు పదో తరగతి లెక్కలు వింటోంది. పదో తరగతికి మొదటి పీరియడే ఖాళీ, అప్పుడు మాష్టారు ఎనిమిదిలో ఉన్నారు. ‘సైన్సు-ఎనిమిది’ కథా ఇదే. సైన్సు టీచరుకు మొదటి పీరియడే ఖాళీ, ఎనిమిదో తరగతికి మూడోదే ఖాళీ.

చాలామంది ఇక్కడ చార్టంతా చెరిపేస్తారు, లేదా నాలుగో పీరియడ్ తెరుస్తారు. రెండూ అక్కర్లేదు. ఒకటి, మూడు పీరియడ్లను మాత్రమే చూడండి. పదో తరగతి నుంచి బయల్దేరండి. దానికి మూడో పీరియడ్‌లో ఉన్నది లెక్కలు. లెక్కల మాష్టారు మొదటి పీరియడ్‌లో తొమ్మిదిలో ఉన్నారు. తొమ్మిదికి మూడో పీరియడ్‌లో సైన్సు. సైన్సు టీచరుకు మొదటి పీరియడ్‌లో పాఠమే లేదు. గొలుసు అక్కడితో ఆగింది. ఈ గొలుసులో ఉన్న మూడు పాఠాలకూ ఒకటిని మూడుగా, మూడును ఒకటిగా తిప్పేయండి. ‘లెక్కలు-పది’ మొదటి పీరియడ్‌కు, ‘లెక్కలు-తొమ్మిది’ మూడోదానికి, ‘సైన్సు-తొమ్మిది’ మొదటిదానికి వస్తాయి. కొత్త తగువేదీ పుట్టలేదు. ఇప్పుడు పదో తరగతికి మూడో పీరియడ్ ఖాళీ అయింది, తెలుగు మాష్టారు ఆ పీరియడ్‌లో వెళ్లి పాఠం చెబుతారు. సైన్సు టీచరుకు కూడా మూడో పీరియడ్ ఖాళీ అయింది, ‘సైన్సు-ఎనిమిది’ అందులో కూర్చుంటుంది. మూడు పాఠాలు కదిపితే రెండు చిక్కులూ విడిపోయాయి.

ఇది అదృష్టం కాదు. గొలుసు ఎప్పుడూ తరగతి నుంచి టీచరు దగ్గరికి మూడో పీరియడ్ గీత మీదే వస్తుంది, టీచరు నుంచి తరగతికి మొదటి పీరియడ్ గీత మీదే పోతుంది. తెలుగు మాష్టారికి మూడో పీరియడ్ పాఠమే లేదు కాబట్టి గొలుసు ఆయన దాకా రాలేదు, ఆయన ఖాళీని పాడుచేయలేదు. టీచర్లు ఎందరున్నా, తరగతులు ఎన్నున్నా ఈ వాదన నిలుస్తుంది. హంగరీకి చెందిన డేనెష్ కోనిగ్ 1916లో రుజువు చేసింది ఇదే. చుక్కలు రెండు పక్షాలుగా విడిపోయి, గీతలన్నీ ఒక పక్షం నుంచి రెండో పక్షానికే ఉంటే, ఏదో ఒక చుక్క దగ్గర కలిసే అత్యధిక గీతలు ఎన్నో అన్ని రంగులే చాలు. ఒకే టీచరు ఒకే తరగతికి వారానికి ఆరుసార్లు వెళ్లినా ఇబ్బంది లేదు. ఏ టీచరుకూ వారానికి 30కి మించి పాఠాలు లేవు, ప్రతి తరగతికీ 40 ఉన్నాయనుకోండి. వారానికి 40 పీరియడ్లు చాలు.

ఇప్పుడు అదే గొలుసును లైన్ గ్రాఫ్‌లో చూస్తే దాని బలం ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడది మూడు చుక్కల దారి: ‘లెక్కలు-పది’, ‘లెక్కలు-తొమ్మిది’, ‘సైన్సు-తొమ్మిది’. ఎక్కడా చీలని ఒంటి దారి. మామూలు గ్రాఫ్‌లో ఇలా ఉండాలన్న నియమం లేదు. ఒక చుక్క పక్కన ఒకే రంగు చుక్కలు పది ఉండవచ్చు. దాని రంగు మారిస్తే ఆ పదీ మారాలి, వాటి పక్కవి మారాలి, కొమ్మలు కొమ్మలుగా చీలుతూ పోతుంది. నాలుగు రంగుల సమస్యకు 1879లో కెంప్ ఈ రంగుల మార్పిడితోనే రుజువు ఇచ్చాడు. రెండు మార్పిడులు ఒకదాన్నొకటి చెడగొట్టే చోటు ఉందని 1890లో హీవుడ్ పట్టుకునేదాకా అది చెల్లుబాటైంది.

లైన్ గ్రాఫ్‌లో చీలిక ఎందుకు రాదంటే, ప్రతి పాఠానికీ రెండే కొసలున్నాయి. ఒక కొసన టీచరు, రెండో కొసన తరగతి. ఒక పాఠంతో తగువున్న మూడు పాఠాలను తీసుకుంటే వాటిలో కనీసం రెండు ఒకే కొస నుంచి వచ్చినవై ఉంటాయి, కాబట్టి వాటి మధ్యా తగువు ఉంటుంది. అంటే ఏ చుక్క పక్కనైనా ఒకే రంగు రెండుసార్లకు మించి కనిపించదు. అందుకే రెండు రంగుల గొలుసు దారిగానో వలయంగానో ఉంటుంది తప్ప చెట్టులా చీలదు. మధ్యలో ఒక చుక్క, దానికి మూడు పక్కచుక్కలు, ఆ మూడింటి మధ్య గీతలు లేకపోవడం అనే ఆకారాన్ని గణితవేత్తలు పంజా అంటారు. లైన్ గ్రాఫ్‌లో పంజా ఎక్కడా ఉండదు. నా దృష్టిలో ఈ మార్పు వల్ల దక్కే అసలు లాభం ఇదే. లెక్క తేలిక అవ్వలేదు, కానీ వెర్టెక్స్ కలరింగ్ అనే మహా కష్టమైన లెక్కలో ఎక్కడ నడక సాఫీగా ఉంటుందో తెలిసింది.

ఎంత సాఫీగానో చెప్పిన మాట 1964లో వచ్చింది. నోవోసిబిర్స్క్‌లో పనిచేస్తున్న వదీమ్ వీజింగ్, ఏ రెండు చుక్కల మధ్యా ఒకటికి మించి గీతలు లేని ఏ గ్రాఫ్‌కైనా, ఒక చుక్క దగ్గర కలిసే అత్యధిక గీతల సంఖ్య గానీ, దానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య గానీ సరిపోతుందని రుజువు చేశాడు. మూడో మాట లేదు. మామూలు వెర్టెక్స్ కలరింగ్‌లో ఇలాంటి హామీ దొరకదు. త్రిభుజం ఒక్కటి కూడా లేకుండా వెయ్యి రంగులు తప్పనిసరైన గ్రాఫ్‌లు తయారు చేయవచ్చు. లైన్ గ్రాఫ్ మాత్రం తప్పనిసరి అనిపించే రంగుల కంటే ఒక్కటే ఎక్కువ అడుగుతుంది, అదీ అప్పుడప్పుడు.

ఆ ఒక్కటి ఎప్పుడు అడుగుతుందో ఐదు జట్ల కబడ్డీ పోటీలో చూడవచ్చు. ప్రతి జట్టూ మిగతా నాలుగింటితో ఒకసారి ఆడాలి, రోజుకు ఒక జట్టుకు ఒకటే మ్యాచ్. ఒక్కో జట్టుకు నాలుగు మ్యాచ్‌లే కదా, నాలుగు రోజులు చాలనిపిస్తుంది. మొత్తం మ్యాచ్‌లు పది. లైన్ గ్రాఫ్‌లో పది చుక్కలు, ఒక్కోదానికి ఆరు పక్కచుక్కలు. ఐదు జట్లతో ఒక రోజు రెండు మ్యాచ్‌లకు మించి పెట్టలేం, అంటే ఒక రంగు రెండు చుక్కలకు మించి పడదు. పది చుక్కలకు ఐదు రంగులు కావాల్సిందే. ఐదు చాలునని చూపడానికి జట్లను ఒకటి నుంచి ఐదు దాకా వలయంగా నిలబెట్టండి. సోమవారం ఒకటో జట్టుకు విశ్రాంతి, దానికి రెండు పక్కలా ఉన్న రెండు, ఐదు ఆడతాయి, వాటి వెనక మూడు, నాలుగు ఆడతాయి. మంగళవారం విశ్రాంతి రెండో జట్టుకు, అప్పుడు ఒకటి-మూడు, నాలుగు-ఐదు. ఇలా విశ్రాంతి వలయం చుట్టూ తిరిగితే శుక్రవారానికి పది మ్యాచ్‌లూ అయిపోతాయి. ఆరో జట్టు వస్తే? రోజూ విశ్రాంతి తీసుకునే జట్టుతో దాన్ని ఆడించండి. అదే ఐదు రోజుల్లో పదిహేను మ్యాచ్‌లు పూర్తవుతాయి. జట్ల సంఖ్య సరి అయితే అదనపు రోజు అక్కర్లేదు, బేసి అయితే తప్పదు.

వీజింగ్ హామీకి ఒక షరతు ఉందన్నాను కదా, దాన్ని మరిచిపోతే దెబ్బ తగులుతుంది. మూడు జట్లు ఒకదానితో ఒకటి రెండేసి సార్లు ఆడితే ఒక్కో జట్టుకు నాలుగు మ్యాచ్‌లు. వీజింగ్ మాట ప్రకారం ఐదు రోజులు చాలాలి. కానీ మొత్తం ఆరు మ్యాచ్‌లలో ఏ రెండు తీసుకున్నా ఒక జట్టు ఉమ్మడి, రోజుకు ఒకటే ఆడించగలం, ఆరు రోజులు పడుతుంది. ఇలా గీతలు రెట్టించినప్పుడు అత్యధిక సంఖ్యకు ఒకటిన్నర రెట్లకు మించి అక్కర్లేదని క్లాడ్ షానన్ 1949లో చూపాడు. ఆయన ముందున్నవి కబడ్డీ జట్లు కావు, ఒకే చోట కలిసే తీగలు. ఏ తీగ ఏదో తెలియడానికి ఒక చోట కలిసే తీగలన్నిటికీ వేర్వేరు రంగులు ఉండాలి.

వీజింగ్ రెండు సంఖ్యలే మిగిల్చాడు కాబట్టి ఏదో తేల్చడం సులువే అనుకోకూడదు. ఒక్కో చుక్క దగ్గర మూడేసి గీతలే ఉన్న గ్రాఫ్‌లకు కూడా, మూడు రంగులు చాలా, నాలుగు కావాలా అని తేల్చడం ఎన్‌పీ-కంప్లీట్ అని ఇయాన్ హాలియర్ 1981లో రుజువు చేశాడు. అన్ని గ్రాఫ్‌లకూ పనికొచ్చే వేగమైన పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు, ఉండదనే ఎక్కువమంది నమ్మకం. నాలుగో రంగు అడిగే వాటిలో పేరున్నది 1898 నాటి పీటర్సన్ గ్రాఫ్, పది చుక్కలు, పదిహేను గీతలు. దాని లైన్ గ్రాఫ్ గీసుకుని వెర్టెక్స్ కలరింగ్ ప్రోగ్రాముకు ఇచ్చినా జవాబు నాలుగే. బొమ్మ మారినంత మాత్రాన కష్టం తగ్గదు. పైగా బొమ్మ బరువెక్కుతుంది. ఒక చుక్క దగ్గర వంద గీతలు కలిస్తే లైన్ గ్రాఫ్‌లో ఆ ఒక్క చోటే 4,950 గీతలు గీయాలి. అందుకే పెద్ద టైమ్ టేబుళ్లకు లైన్ గ్రాఫ్‌ను పూర్తిగా కట్టకుండా, పాత బొమ్మ మీదే గొలుసులు తిప్పుకోవడం మేలు.

నిజం బడిలో ఇంకో అవరోధం ఉంది. సైన్సు పాఠానికి టీచరు, తరగతితో పాటు ల్యాబ్ కూడా కావాలంటే పాఠానికి మూడు కొసలొచ్చాయి. అది గీత కాకుండా పోయింది, పంజా మళ్లీ సాధ్యమైంది, కోనిగ్ హామీ రద్దయింది. ఫలానా టీచరు మధ్యాహ్నం ఉండరు, ఫలానా వారికి మొదటి పీరియడ్ వద్దు అనే షరతులు చేరినా హామీ పోతుంది. ఈవెన్, ఇటాయ్, షమీర్ 1976లోనే అలాంటి టైమ్ టేబుల్ ఎన్‌పీ-కంప్లీట్ అని చూపించారు. కాబట్టి చార్టు ముందు కూర్చునే టీచర్లకు చెప్పేదొకటే. ల్యాబ్ పాఠాలనూ, టీచర్ల షరతులున్న పీరియడ్లనూ ముందు కుదర్చండి, వాటి విషయంలో పట్టువిడుపులు తప్పవు. షరతులేని పాఠాల దగ్గర ఇరుక్కుంటే చెరపకండి, రెండు పీరియడ్ల గొలుసు పట్టుకోండి. దారిలో షరతున్న పాఠం తగిలితే ఆ గొలుసును వదిలి ఇంకో జత పీరియడ్లతో చూడండి.

ఇంతకీ ఈ మార్పు ఒకవైపే నడుస్తుంది. ప్రతి గ్రాఫ్‌కూ లైన్ గ్రాఫ్ ఉంటుంది, కానీ ప్రతి గ్రాఫూ ఇంకో గ్రాఫ్‌కు లైన్ గ్రాఫ్ కాదు. లోపల తొమ్మిది చిన్న ఆకారాల్లో ఏదీ లేకపోతేనే అవుతుందని బైనెకె 1970లో ప్రచురించాడు. ఆ తొమ్మిదింటిలో మొదట చెప్పుకోవాల్సింది పంజా. మన ఇంటర్ పరీక్షలనే చూడండి. ఒక్కో పేపరును చుక్క అనుకుని, ఒకే విద్యార్థి రాయాల్సిన రెండు పేపర్ల మధ్య గీత గీయండి. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అందరూ రాసేది ఇంగ్లీషు. కాబట్టి ఇంగ్లీషుకు గణితంతోనూ, బాటనీతోనూ, సివిక్స్‌తోనూ గీత ఉంటుంది. ఆ మూడింటిలో ఏ రెంటినీ ఈ గ్రూపుల్లో ఎవరూ కలిపి రాయరు కాబట్టి వాటి మధ్య గీతలుండవు. అది అచ్చమైన పంజా. పరీక్షల టైమ్ టేబుల్ ఏ గ్రాఫ్‌కూ లైన్ గ్రాఫ్ కాదు, దానికి కోనిగ్ మాటా వర్తించదు, వీజింగ్ మాటా వర్తించదు. ఆ మూడు పేపర్లకూ ఒకే రంగు వేయవచ్చు గనకే చాలా ఏళ్లుగా ఇంటర్ బోర్డు గణితం, బాటనీ, సివిక్స్ పేపర్లను ఒకే రోజు పెడుతూ వచ్చింది.